మేనేజర్‌తో ఒకప్పుడు చనువుగానే ఉండి, తర్వాత వద్దంటే, ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే కమిటీ ఏం చూస్తుంది?

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్: ఫ్రెండ్ తరఫున అడుగుతున్నా. తన మేనేజర్‌తో కొన్ని నెలలు ఇష్టంగానే తిరిగింది. ఫిబ్రవరి 12న "ఇక ఆఫీసు పని వరకే మాట్లాడుకుందాం" అని మెసేజ్ పెట్టింది. అతను ఆపలేదు. ఏప్రిల్ 20న ఆఖరిది: "కాఫీకి రాకపోతే రేటింగ్ ఎవరి చేతిలో ఉందో గుర్తుంచుకో." జూన్‌లో రేటింగ్ తగ్గింది. ఇప్పుడు ఆగస్టు. పాత చాట్లు ఉండగా ఫిర్యాదు నిలుస్తుందా?

శ్రీధర్_హెచ్ఆర్: నిలుస్తుంది. గడువు 3 నెలలు, రేటింగ్ జూన్‌లో కదా, అక్కడి నుంచి లెక్కేసుకోండి. కంగారేం లేదు.

బయటి_సభ్యురాలు: శ్రీధర్ గారూ, 3 నెలల మాట నిజమే, మొదలుపెట్టిన తేదీ దగ్గరే చిక్కు. 2025లో ఒక యూనివర్సిటీ కేసులో, వేధింపు ఆగాక తీసుకున్న ఆఫీసు చర్యలు దానికి కొనసాగింపు కావని సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ మెసేజే రేటింగ్‌తో ముడిపెట్టింది కాబట్టి వాదించొచ్చు, కానీ దాన్నే నమ్ముకోవద్దు. ఏప్రిల్ 20 నుంచి చూస్తే జూలై 20తో సరి. కారణాలు రాసి కమిటీ ఇంకో 3 నెలలు ఇవ్వగలదు. ఆలస్యం ఎందుకైందో ఫిర్యాదులోనే రాయించండి. మొత్తం 6 కాపీలు ఇవ్వాలి.

మాధాపూర్_మేనేజర్: అంటే ఆఫీసులో ప్రేమించుకోవడమే నేరమా? మా టీంలో ఇద్దరు పెళ్లే చేసుకున్నారు!

బయటి_సభ్యురాలు: ఎవరూ ఆ మాట అనలేదండీ. ఫిబ్రవరి 12కి ముందు జరిగింది వేధింపని ఆ అమ్మాయి కూడా అనక్కర్లేదు, అంటే కేసే బలహీనపడుతుంది. ఒకప్పటి ఇష్టం తర్వాతి రోజులకు అనుమతి కాదు. కమిటీ చూసేది, వద్దన్న సంగతి అతనికి చేరిందా, చేరాక ఏం చేశాడు, జీతం, రేటింగ్, షిఫ్టు ఎవరి చేతిలో ఉన్నాయి అని. పాత చాట్లు దాచొద్దు, ఎలాగూ అతనే తెస్తాడు. కత్తిరించిన స్క్రీన్‌షాట్లు కాకుండా మొదటి నుంచి చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఇవ్వాలి, తేదీలతో సహా. ఫోన్ మార్చొద్దు. విచారణ నడుస్తుండగా తన పనితీరు మీద అతను రిపోర్టు రాయకుండా వేరేవాళ్లకు అప్పగించమని రాతపూర్వకంగా అడగొచ్చు. చాలామంది ఇది అడగరు.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్: ఒక్కటి చెప్పలేదు. మార్చిలో అతని పుట్టినరోజుకి తనే హార్ట్ ఎమోజీతో విషెస్ పెట్టింది.

శ్రీధర్_హెచ్ఆర్: అయితే కష్టమే. మళ్లీ దారి ఇచ్చినట్టేగా.

బయటి_సభ్యురాలు: అలా కాదు. రేటింగ్ వేసే మనిషికి టీం అంతా విషెస్ పెడుతుంటే తను ఒక్కతే మానడం తేలికా? మిగతావాళ్లు ఏం పెట్టారో టీం గ్రూపులో చూసుకోండి. అయినా కమిటీలో ఇద్దరికి రెండు అభిప్రాయాలు రావచ్చు, ఆ మెసేజ్ గురించి ప్రశ్న మాత్రం తప్పదు. ఇంకోటి, పేర్లు, కంపెనీ ఇక్కడ రాయకండి. ఫిర్యాదు వివరాలు బయటపెట్టడం చట్టంలోనే నిషేధం.

మాధాపూర్_మేనేజర్: పదిమంది కూడా లేని ఆఫీసైతే?

బయటి_సభ్యురాలు: అప్పుడు జిల్లా స్థానిక కమిటీకి. యజమాని మీదే ఫిర్యాదైనా అక్కడికే.