మొదటిది సిజేరియన్. రెండోది నార్మల్‌కి ప్రయత్నించాలా, మళ్లీ ఆపరేషనేనా?

రెండోసారి: మొదటి బాబు ఎదురుకాళ్లతో ఉన్నాడని 39వ వారంలో సిజేరియన్ చేశారు. ఇప్పుడు వాడికి మూడేళ్లు. నాకు 34వ వారం, ఈసారి బిడ్డ తల కిందికే ఉంది. నార్మల్‌కి ప్రయత్నించొచ్చు, వద్దంటే ఆపరేషన్ చేస్తాం, మీ ఇష్టం అన్నారు డాక్టర్. పాత కుట్లు విడిపోతాయని మావారికి ఒకటే టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

పెద్దక్క: ఒకసారి కోస్తే ఇక ఎప్పుడూ కోతే అమ్మా. మా ఇంట్లో అందరికీ అంతే జరిగింది. అయినా మీ కుట్లు పొట్ట మీద అడ్డంగా ఉంటే అంత భయం లేదంటారు.

రాత్రిడ్యూటీ: లేబర్ రూంలో పనిచేస్తాను. అక్కా, మీరు చెప్పిన రెండోది సగమే నిజం. పైన చర్మం మీద గీత అడ్డంగా ఉన్నా లోపల గర్భసంచిని నిలువుగా కోసి ఉండొచ్చు. నెలలు బాగా తక్కువున్న బిడ్డను తీసేటప్పుడు అలా చేయాల్సి వస్తుంటుంది. నిలువు కోత ఉంటే నొప్పులు మొదలవకముందే ఆపరేషన్ చేస్తారు. అందుకే రెండోసారి గారూ, ముందు పాత ఆపరేషన్ నోట్స్ తెప్పించుకోండి. డిశ్చార్జ్ కాగితంలో ఒక్కోసారి 'సిజేరియన్ చేశాం' అని మాత్రమే రాస్తారు, అది చాలదు.

కింది భాగంలో అడ్డకోత అయితే, నార్మల్‌కి ప్రయత్నించిన 100 మందిలో 70 మందికి పైగా నార్మల్‌గానే కంటారు. మచ్చ విడిపోయేది సుమారు 200 మందిలో ఒకరికి. మొదటిసారి ఆపరేషన్ ఎందుకైందన్నది కూడా చూడాలి. మీకు బిడ్డ ఎదురుకాళ్లతో ఉందన్నదే కారణం, ఈసారి ఆ కారణం లేదు. అదే నొప్పులు పడీ పడీ దారి తెరుచుకోక ఆపరేషన్ అయి ఉంటే అవకాశం కొంత తగ్గేది.

చిన్నిఅమ్మ: నార్మల్ అయితే మర్నాడే లేచి తిరగొచ్చు అని చెప్పేవాళ్లను నమ్మకండి. నాకు నార్మలే, కానీ మలద్వారం కండరం దాకా చీలింది. వారాలపాటు ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాను. తుమ్మితే మూత్రం చుక్కలు పడేవి. వ్యాయామాలు చేయించాక తగ్గింది.

పెద్దక్క: చూశారా, అందుకే ఆపరేషనే మేలన్నాను.

రాత్రిడ్యూటీ: అంత లోతుగా చీలేది కొద్దిమందికే. కానీ చిన్నిఅమ్మ గారు చెప్పింది ఎవరూ ముందుగా చెప్పరు, చెప్పాల్సిన మాటే. సిజేరియన్ తర్వాత ఇబ్బంది వేరు. దగ్గినా నవ్వినా పొట్టకు దిండు అదుముకోవాలి, మంచం మీంచి పక్కకు తిరిగి చేత్తో ఊతం తీసుకుని లేవాలి. దాదాపు ఆరు వారాలు బిడ్డ కంటే బరువైనవి ఎత్తవద్దంటాం. మీకు మూడేళ్ల పిల్లాడున్నాడు, వాడు ఎత్తుకోమని ఏడుస్తాడు, అది ముందే ఆలోచించుకోండి.

అన్నిటికంటే కష్టంగా కోలుకునేది గంటల తరబడి నొప్పులు పడి, చివరికి ఆపరేషన్ అయినవాళ్లు. నార్మల్ ప్రయత్నంలో ఉన్న అసలు చిక్కు ఇదే.

ఎదురుచూపు: నెప్పులు రాకపోతే సూదిమందు పెట్టి తెప్పిస్తారు కదా, ఇంకేం? మా ఆవిడకు అలాగే చేశారు.

రాత్రిడ్యూటీ: ఆవిడకు పాత సిజేరియన్ ఉందా? లేకపోతే ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. మచ్చ ఉన్నవాళ్లకు మందుతో నొప్పులు తెప్పిస్తే అది విడిపోయే అవకాశం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. కొన్నిచోట్ల జాగ్రత్తగా చేస్తారు, కొన్నిచోట్ల అసలు చేయరు.

రెండోసారి: మరి విడిపోతుంటే ఎలా తెలుస్తుంది? మావారు అడుగుతున్నారు.

రాత్రిడ్యూటీ: చాలాసార్లు బిడ్డ గుండె చప్పుడులోనే ముందు తెలుస్తుంది. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా పోటు ఆగకపోవడం, రక్తం పోవడం, బాగా వస్తున్న నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోవడం కూడా గుర్తులే. అందుకే నొప్పులు మొదలైనప్పటి నుంచి మానిటర్ తీయరు. మీ ఆసుపత్రిలో అర్ధరాత్రి కూడా మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, రక్తం సిద్ధంగా ఉంటాయా అని అడగండి. లేవంటే నేను ప్రయత్నించమనను.

రెండోసారి: నోట్స్ దొరికాయి. కింది భాగం, అడ్డకోత అనే ఉంది. రాత్రి కూడా థియేటర్ ఉంటుందన్నారు. 40 వారాలు దాటినా నొప్పులు రాకపోతే మాత్రం మందు వద్దు, ఆపరేషనే అనుకుంటున్నాం. మూడో బిడ్డ కావాలని కూడా ఉంది.

రాత్రిడ్యూటీ: ఆ చివరి మాట డాక్టర్‌కి తప్పక చెప్పండి. ఆపరేషన్లు పెరిగేకొద్దీ తర్వాతి కాన్పులో మాయ పాత మచ్చ మీద అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు విపరీతంగా రక్తం పోతుంది, ఒక్కోసారి గర్భసంచే తీసేయాల్సి వస్తుంది.

చిన్నిఅమ్మ: ఇంత విన్నాక కూడా, మీ స్థానంలో ఉంటే నేను తేదీ పెట్టించుకుని ఆపరేషన్‌కే వెళ్తాను. 200లో ఆ ఒక్కరు నేనే అవుతానేమో అని నొప్పుల్లో భయపడుతూ పడుకోలేను.

పెద్దక్క: ఇంతకీ 40 దాటాక ఎన్ని రోజులు ఆగుతారో అడిగారా?