బోటుకి జింక్ ముక్క కట్టినా అల్యూమినియంని తుప్పు ఎందుకు తినేస్తోంది?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మా నాన్నగారి ఫైబర్ బోటు ఉంది. నీళ్లలో మునిగే అల్యూమినియం బ్రాకెట్‌ని స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులతో బిగించి, రక్షణకి పక్కనే జింక్ ముక్క పెట్టాం. ఆరు నెలలకి బోల్టు తలల చుట్టూ తెల్లటి పొడి, గీరితే కింద గుంటలు.

పాఠ్యపుస్తకంలోని ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ పట్టికలో అల్యూమినియం −1.66 వోల్టులు, జింక్ −0.76. దాని ప్రకారం అల్యూమినియమే ముందు పోవాలి. కానీ ఆ అంకెలు ఆక్సైడ్ పొర లేని శుద్ధ లోహానివి. సముద్రపు నీటి గాల్వానిక్ వరుసలో జింక్ సుమారు −1.03, అల్యూమినియం దానికన్నా పైన, స్టెయిన్‌లెస్ ఇంకా పైన. అంటే జింకే కరగాలి. ఇంతవరకు అర్థమైంది.

నిన్న సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌ని నీళ్లలో దించి మల్టీమీటర్‌తో చూశాను. జింక్ దగ్గర −1.03, బ్రాకెట్ దగ్గర −0.76. రెండూ కలిసి ఉంటే అంకెలు దగ్గరగా రావాలి కదా? జింక్ కింద పెయింట్ గీకకుండా బిగించారని నా అనుమానం. పెయింట్ తీసి వైరుతో కలిపితే చాలా, లేక స్టీలు అల్యూమినియంకి తగలకుండా బోల్టులకి నైలాన్ బుష్‌లు కూడా వేయాలా? బ్రాకెట్ రీడింగ్ ఎంతకి దిగితే నిశ్చింతగా ఉండొచ్చు? చేసినవాళ్లు చెప్పండి, వచ్చే వారం బోటు మళ్లీ నీళ్లలోకి దిగుతుంది.