హిందూ మతాన్ని ఇంగ్లీషువాళ్ళే తయారు చేశారా?

సీతాఫల్‌మండి చదువరి
మొన్న ఒక ఉపన్యాసంలో "హిందూ మతం ఇంగ్లీషువాళ్ళు తయారు చేసిందే, అంతకు ముందు అలాంటి ఒకే మతం లేదు" అన్నారు. మా ఇంట్లో నాలుగు తరాలుగా తిరుపతి మొక్కులున్నాయి. మరి మా ముత్తాత ఎవరు? ఈ మాటకు ఆధారం ఏమైనా ఉందా?

చిక్కడపల్లి పెద్దాయన
ఆధారం లేదు నాయనా. విజయనగర రాజులు 14వ శతాబ్దంలోనే శాసనాల్లో 'హిందూరాయ సురత్రాణ' అని బిరుదు పెట్టుకున్నారు. అప్పటికి ఈస్టిండియా కంపెనీ పుట్టనే లేదు. గంగాజలం మోసుకెళ్ళి రామేశ్వరంలో అభిషేకం చేసిన మనిషికి ఈ దేశమంతా ఒకటే ధర్మమని ఏ దొర చెప్పాడు? అంతెందుకు, 1816లో ఇంగ్లీషులో 'హిందూయిజం' అన్న మాట వాడిన రామమోహన్ రాయ్ మనవాడే కదా.

ఈసీఐఎల్ బస్‌స్టాప్
ఆర్యుల దండయాత్ర సిద్ధాంతం ఎప్పుడో తప్పని తేలిపోయింది కదా, మళ్ళీ ఎందుకు లేపుతున్నారు?

అలావా గల్లీ
దండయాత్ర సంగతి వేరండీ, ఇక్కడ అడిగింది అది కాదు.

పెద్దాయన చెప్పిన బిరుదు నిజమే. మాట పాతదే. దాన్ని ఇంగ్లీషువాళ్ళు పుట్టించారని ఎవరైనా అంటే నేనూ ఒప్పుకోను. కానీ ఆ బిరుదులో సురత్రాణ అంటే సుల్తాను. హిందూ రాజుల్లో సుల్తానునని ఆయన చెప్పుకున్నాడు. తురకలు వేరు, మేము వేరు అనే తెలివిడి అందులో ఉంది. అయితే ఊరవతల ఉన్న మాదిగ ఆ మాటలో లోపలివాడా, బయటివాడా అని తేల్చాల్సిన పని ఆ రాజుకు ఎప్పుడూ రాలేదు. ఆ పని జనాభా లెక్కలు రాసేవాడికి వచ్చింది.

1881 పంజాబ్ లెక్కలు చూడండి. అక్కడ నివేదిక రాసిన ఇబ్బెట్సన్ దాచకుండా చెప్పాడు. తన మతమేమిటో చెప్పలేనివాణ్ణి, గుర్తింపు ఉన్న మతాల్లో లేని పేరేదైనా చెప్పినవాణ్ణి హిందువుగానే రాశారట. అంటే ముస్లిం, క్రైస్తవ, సిక్కు గడులు నిండాక మిగిలినవాళ్ళది హిందూ గడి. నా దృష్టిలో తయారీ అంటే ఇదే. ముందు మిగిలినవాళ్ళందరినీ ఒక గడిలో పోశారు, తర్వాత ఆ గడికి ఒక నిర్వచనం ఉండాలి కదా అని వెతకడం మొదలుపెట్టారు.

చిక్కడపల్లి పెద్దాయన
లెక్క రాసినంత మాత్రాన మతం పుడుతుందా? ఊళ్ళో ఇళ్ళు లెక్కపెడితే ఊరు పుట్టినట్టా? ఉన్నదాన్నే లెక్కపెట్టారు.

బోరబండ అక్క
సార్, మా నాయిన చచ్చిపోతే మేం పాతిపెట్టినం. మా తాతను గూడ పాతిపెట్టిన్రు. మా ఊళ్ళె రామాలయం మెట్లు మా నాయిన ఎన్నడు ఎక్కలే, ఎక్కనియ్యలే. పోచమ్మకు బోనం తీస్తం, అక్కడ పూజారి కుమ్మరాయన. పంతులు మా గల్లీకి పెండ్లికి రాలే, సావుకు రాలే. కాని మా కాగితాలన్నిట్ల హిందూ అనే ఉంటది. ఎవరు రాసిన్రు అది? ఎవరన్న అడిగిన్రా? ఉన్నదాన్నే లెక్కపెట్టిన్రంటే నాకు కడుపుల మండుతది.

అలావా గల్లీ
అక్కా, మీరు చెప్పిన నాలుగు సంగతులూ వందేళ్ళ కిందటే ఒక ప్రశ్నపత్రంలోకి ఎక్కాయి.

1911 లెక్కలకు కమిషనర్ ఇ.ఎ. గైట్. 1910లో ఆయన రాష్ట్రాల అధికారులకు ఒక సర్క్యులర్ పంపాడు. హిందువులుగా రాసినవాళ్ళలో ఏయే కులాలు అసలు హిందువుల లక్షణాలకు సరిపోవడం లేదో విడిగా చెప్పమన్నాడు. అందుకు పది గుర్తులు ఇచ్చాడు. బ్రాహ్మణుల ఆధిక్యం ఒప్పుకోనివాళ్ళు, వేదప్రమాణం కాదనేవాళ్ళు, బ్రాహ్మణుడి దగ్గర గానీ గుర్తింపున్న గురువు దగ్గర గానీ మంత్రోపదేశం లేనివాళ్ళు, పెద్ద దేవుళ్ళను కొలవనివాళ్ళు, బ్రాహ్మణ పురోహితుడు లేనివాళ్ళు, గుళ్ళోకి రానివ్వనివాళ్ళు, తాకితే మైల అని పక్కన పెట్టినవాళ్ళు, శవాన్ని పూడ్చేవాళ్ళు, గొడ్డుమాంసం తినేవాళ్ళు. దాదాపు అన్నీ చెప్పేశాను.

మధ్యపరగణాలు, బేరార్ నుంచి వచ్చిన జవాబు చదివితే మతి పోతుంది. అక్కడ హిందువులుగా రాసినవాళ్ళలో నాలుగో వంతు మంది బ్రాహ్మణుల ఆధిక్యాన్నీ వేదప్రమాణాన్నీ ఒప్పుకోరు. సగానికి పైగా జనానికి మంత్రోపదేశమే లేదు. మూడో వంతుకు గుడి ప్రవేశం లేదు. అయిదింట రెండు వంతులు గొడ్డుమాంసం తింటారు. అయినా చివరి పట్టికలో వాళ్ళంతా హిందువులే. గైట్ ఎవరినీ తీసేయలేదు, పక్కన వివరం రాయించాడంతే.

చిక్కడపల్లి పెద్దాయన
నేనూ అదే చెప్పబోతున్నాను! ఆ సర్క్యులర్ ఎందుకొచ్చింది? 1906లో ముస్లిం నాయకులు సిమ్లా వెళ్ళి వైస్రాయిని కలిశారు, 1909లో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు వచ్చాయి. హిందువుల సంఖ్యను తగ్గించి చూపించాలన్నది ఎత్తు. ఇంగ్లీషువాడు మతాన్ని కలపలేదు, విడగొట్టబోయాడు. మీ కథ మీరే తిరగేసుకున్నారు. ఒక చోట కలిపి తయారు చేశారంటారు, ఇంకో చోట పది గుర్తులు పెట్టి బయటికి నెట్టారంటారు. ఏదో ఒకటి చెప్పండి.

అలావా గల్లీ
రెండూ జరిగాయండీ. మీరు చెప్పిన రాజకీయ సందర్భం నిజమే, నేను కాదనను. కానీ ఆ పది గుర్తుల జాబితాను ఇంకోసారి చూడండి. అందులో కొలబద్ద ఎవరిది? వేదం, బ్రాహ్మణుడు, మంత్రం, దహనం. పోచమ్మ లేదు, మల్లన్న లేదు, పీర్ల పండుగ లేదు. ఆ కొలబద్ద 1910లో ఊడిపడలేదు. 1772లో బెంగాల్ గవర్నరు వారన్ హేస్టింగ్స్ ముసల్మానులకు ఖురాను, హిందువులకు శాస్త్రం ప్రకారం తీర్పు చెప్పాలని పద్ధతి పెట్టాడు. శాస్త్రమంటే ఏమిటో చెప్పడానికి పదకొండు మంది పండితులను కూర్చోబెట్టాడు. వాళ్ళు సంస్కృతంలో కూర్చితే, అది పర్షియన్‌లోకి, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి వెళ్ళి 1776లో కంపెనీ ఉద్యోగి హాల్‌హెడ్ పేరుతో న్యాయశాస్త్ర పుస్తకమైంది. కాబట్టి పెద్దాయనా, ఇందులో మన పండితుల చేయీ ఉంది. ఇంగ్లీషువాడు ఒంటరిగా చేశాడని చెప్పడం మన చేతిని దాచుకోవడమే.

ఈ కొలబద్ద మన తెలుగు రైతుల ఇళ్ళకే సరిపోలేదు. ఇల్లరికం అల్లుడికి కొడుకులా ఆస్తి ఇవ్వడం రెడ్లలో, కమ్మవాళ్ళలో ఉన్నదే. ఏ స్మృతిలోనూ లేదు. మద్రాసు కోర్టులు దాన్ని శాస్త్రంలో చూపించలేక 'ఇల్లటం' అనే ఆచారంగా విడిగా ఒప్పుకోవాల్సి వచ్చింది. అదే ప్రెసిడెన్సీలో పనిచేసిన జె.హెచ్. నెల్సన్ 1877లో పుస్తకమే రాశాడు, ఈ కోర్టుల్లో హిందూ ధర్మశాస్త్రమని నడుపుతున్నది ఇక్కడి జనంలో చాలామందికి ఎన్నడూ వర్తించలేదని.

సిటీ సివిల్ కోర్టు
ఆ మిగిలినవాళ్ళ గడి ఇప్పటికీ ఉంది. 1955 హిందూ వివాహ చట్టం రెండో సెక్షన్ చూడండి. వీరశైవులు, ఆర్యసమాజం, బౌద్ధులు, జైనులు, సిక్కులు అని చెప్పి, చివరికి ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు కాని ఎవరికైనా వర్తిస్తుంది అంటుంది. షెడ్యూల్డ్ తెగలకు మాత్రం కేంద్రం ప్రకటిస్తే తప్ప వర్తించదు. నా దగ్గరికొచ్చిన ఒక లంబాడా దంపతుల విడాకుల కేసు ఈ ఒక్క ముక్క మీదే నెలల తరబడి నలిగింది. వాళ్ళు వేంకటేశ్వరుడి ఫోటో ముందు పెళ్ళి చేసుకున్నారు.

చిక్కడపల్లి పెద్దాయన
సెక్షన్లు వదిలేయండి. నా బాధ ఒకటే. నేను నలభై ఏళ్ళు పిల్లలకు సంస్కృతం చెప్పాను. ఇప్పుడు నా మనవడు వచ్చి "తాతా, నీ మతం బ్రిటిష్‌వాళ్ళు చేసిన ఫేక్" అంటున్నాడు. మీరు చేసే పని ఇదే. మా నమ్మకాన్ని అబద్ధమంటున్నారు.

బోరబండ అక్క
మీ మనవడు ఒక్క మాట అంటేనే మీకు అంత నొప్పి లేసింది. మా నాయినకు డెబ్బై ఏండ్లు గుడి బయట నిలబడి నొప్పి లేదా సార్? మీ నమ్మకం అబద్ధమని నేన్ అన్లే. నన్ను అడగకుంట మీ లెక్కల కలుపుకున్నరు అంటున్న. గుళ్ళెకు రమ్మంటే మైల, లెక్కకు మాత్రం మేం కావాలె.

చిక్కడపల్లి పెద్దాయన
అమ్మా, గుడిలోకి రానివ్వకపోవడం పాపం. అందులో నాకు రెండో మాట లేదు. కానీ దానికి మందు లోపలికి పిలవడమా, మీరు మావాళ్ళే కాదనడమా?

అలావా గల్లీ
అసలు తగవు ఇక్కడుందండీ. శాసనంలో ఉన్న మాటకూ దీనికీ పెద్దగా సంబంధం లేదు. గైట్ సర్క్యులర్ వచ్చాకే అంటరానివాళ్ళను లోపలికి పిలవాలన్న తొందర సనాతనుల్లో పుట్టిందని లాలా లజపతి రాయ్ రాశారు. అంటే సంఖ్య పోతుందన్న భయంతో వచ్చిన పిలుపు. అంబేడ్కర్ అవే గుర్తులను తన పుస్తకంలో ఎత్తి చూపి, వీళ్ళు వేరే జనమని వాదించారు.

మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ మూడో దారి పట్టారు. పంచములు అన్న పేరు వద్దు, మేము ఈ నేల మొదటివాళ్ళం, 'ఆది హిందువులం' అని రాయించాలని పోరాడారు. 1931 లెక్కల్లో నిజాం రాజ్యంలో ఆ పేరు ఎక్కింది.

చిక్కడపల్లి పెద్దాయన
చూశారా, ఆయన కూడా హిందూ అనే అన్నారు!

బోరబండ అక్క
'ఆది' గూడ అన్నడు సార్. మీరు సగం మాటనే చదువుతున్నరు.

పీర్ల కొట్టం
మా ఊళ్ళో పీర్ల పండుగకు అసన్నా ఊసన్నా అని పాడుతూ గుండం చుట్టూ తిరిగేది మేమే, హిందువులమే. గుజరాత్‌లో 1911లో ఇలాంటివాళ్ళను 'హిందూ-మహమ్మదీయులు' అని కలిపి రాస్తే పై అధికారి ఒప్పుకోలేదని చదివాను. అలావా గల్లీ గారూ, నిజమేనా?

అలావా గల్లీ
నిజమే. ఆ ఒప్పుకోనిది కూడా గైటే. ఒక మనిషి రెండు గడుల్లో ఉండకూడదు. పెద్దాయనతో నా అసలు తేడా ఇదే. కాశీ–రామేశ్వరం యాత్ర పాతదే, ఇంగ్లీషువాళ్ళకు ముందే షడ్దర్శనాలను ఒకటిగా చూసే ప్రయత్నాలూ ఉన్నాయి, 16వ శతాబ్దపు విజ్ఞానభిక్షు అలాంటివాడే. కాబట్టి హిందూ మతమంతా కొత్త అల్లిక అని చెప్పే పరిశోధకులు కూడా అతి చేస్తున్నారనే నేను అనుకుంటాను. కానీ ప్రతి మనిషీ ఒక్క గడిలోనే ఉండాలి, ఆ గడికి వేదమే మూలం కావాలి అన్నది మాత్రం కొత్తది.

సీతాఫల్‌మండి చదువరి
మా నానమ్మను అడిగాను. మీ ముత్తాత తన మతం ఏమని చెప్పుకునేవాడు అంటే, "మతమా? మేము వైష్ణవులం, నామాలు పెట్టుకునేవాళ్ళం" అంది. హిందూ అన్న మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదట.

చిక్కడపల్లి పెద్దాయన
చేప తనను నీళ్ళల్లో ఉన్నానని చెప్పుకోదు నాయనా. ఇందులో నేను మారను. కానీ బోరబండ అమ్మాయి అన్న ఒక్క మాట నన్ను పట్టుకుంది. ఈసారి జనాభా లెక్కలవాళ్ళు వస్తే ఏమని రాయిస్తారమ్మా?

బోరబండ అక్క
పోయినసారి వచ్చినాయన మతం గడి అడగకుండనే నింపుకున్నడు. ఈసారి ఫోన్ల నింపుతరంట గదా, ఏం నింపిండో నా ముందటనే చదివించుకుంట. ఏం రాయియ్యాలన్నది మా అమ్మను అడగాలె. ఆమెకు ఎనభై దాటినయ్, ఇంతవరకు ఆమెను ఎవరు అడగలే.