ఎత్తిపొడుపా, దెప్పిపొడుపా? వాకిట్లో ఇద్దరు వియ్యంకులు

శ్రీలక్ష్మి:
షార్ట్ ఫిల్మ్ కోసం ఒక సీను రాస్తున్నాను. అమలాపురం పక్క ఊరు, సంక్రాంతి ముందు రోజులు. కొండలరావు కొబ్బరి వ్యాపారి. ఆయన వియ్యంకుడు సత్యం కాలువ మీద తలుపులెత్తి నీళ్ళొదిలే లస్కరుగా చేసి రిటైరయ్యాడు. కూతుర్ని పండక్కి తీసుకెళ్దామని వచ్చాడు. వాకిట్లోనే ఇద్దరూ మాటామాటా అనుకోవాలి. నేను రాసింది ఇది:

కొండలరావు: మీ బుర్రలో మట్టి తప్ప ఏం లేదండి.
సత్యం: మట్టైతే మొక్కయినా మొలుస్తుంది. మీది ఉత్త కొబ్బరిచిప్ప.
కొండలరావు: మీ మాటకి ఊళ్ళో విలువెంతండీ?
సత్యం: మీ మాట కంటే రూపాయి ఎక్కువేనండి.

నవ్వైతే వస్తోంది, మనుషులే కనబడటం లేదు. ఇక్కడ కావలసింది ఎత్తిపొడుపా, దెప్పిపొడుపా, వెటకారమా? అసలు వీటికి తేడా ఉందా?

ప్రసాద్:
తేడా ఏమీ లేదండి, మూడూ ఒకటే. మన గోదావరి వాళ్ళు ఎటకారం అంటాం, అంతే. పొగుడుతున్నట్టు తిట్టడం. అలంకారశాస్త్రంలో వ్యాజస్తుతి అన్నది ఇదే. ప్రతి లైనునీ పొగడ్తలా మార్చెయ్యండి, సీను నిలబడుతుంది.

మూర్తి:
ప్రసాద్ గారూ, వ్యాజస్తుతి సంగతి సగం నిజం. నిందలా వినిపించే పొగడ్తా అందులోకే వస్తుంది, పొగడ్తలా వినిపించే నిందా వస్తుంది. కానీ ఇద్దరి చేతా అదే చేయిస్తే మళ్ళీ ఇద్దరూ ఒకే మనిషి అయిపోతారు.

వాడుకలో ఈ మాటలకి తేడా ఉంది. దెప్పడానికి పాత బాకీ ఉండాలి: చేసిన సాయమో, జరిగిన తప్పో గుర్తుచేసి మరీ అనడం. ఎత్తిపొడవడానికి పాతది అక్కర్లేదు. ఎదురుగా ఉన్నదాన్నో, అవతలివాడు ఇప్పుడే అన్న మాటనో ఎత్తి, దానితోనే పొడుస్తాం. వెటకారం మాటలో కంటే గొంతులో ఎక్కువ ఉంటుంది. అందుకే కాగితం మీద అన్నిటికంటే బలహీనంగా కనబడేది అదే.

శ్రీలక్ష్మి గారూ, పేర్లు చేత్తో మూసి మీ నాలుగు లైన్లూ చదవండి. ఎవరిది ఎవరికిచ్చినా చెల్లుతాయి. మట్టీ బుర్రా ఎవరైనా అనగలరు. కొబ్బరిచిప్పనైతే కొబ్బరి వ్యాపారి చేత కాకుండా లస్కరు చేత అనిపించారు. పోలిక అనేది తిట్టేవాడి బతుకులోంచి రావాలి. తిట్టు తినేవాడి వృత్తి మీద జోకు ఊళ్ళో ఎవరైనా వెయ్యగలరు, దానివల్ల వేసినవాడి గురించి మనకేమీ తెలియదు.

ముందు ఒక్కొక్కరికీ రెండేసి సంగతులు రాసుకోండి: ఏ పని వల్ల లోకాన్ని ఎలా చూస్తాడు, దేన్ని దాచుకుంటున్నాడు. కొండలరావుకి ఏది చూసినా లెక్క. కాయల ధర వెయ్యికింత అని చెప్పే మనిషి. దాచుకున్నది, కోడలు వెళ్తే ఇల్లు బోసిపోతుందన్న బెంగ. సత్యం నీళ్ళు వదిలి ఎదురుచూసే మనిషి. దాచుకున్నది, అడగడానికి మొహమాటం. అప్పుడు ఇలా వస్తుంది:

కొండలరావు: రండి బావగారూ. ఒక్క సంచేనా? మిగతావి వెనకాల బండిలో వస్తున్నాయాండి?
సత్యం: ఒక్కటేనండి. మీకు లెక్క తేలిగ్గా ఉంటుందని.
కొండలరావు: లెక్క లేకపోతే ఎలాగండీ? వెయ్యి కాయల్లో చెడ్డది ఒక్కటున్నా చెవి దగ్గర ఊపి చెప్పేస్తాను.
సత్యం: మీకు ఊపితే తెలుస్తుంది. మాకు లాకు తలుపెత్తి నీళ్ళొదిలితేగాని తెలియదండి, ఎవరి చేను ఎండిందో.
కొండలరావు: ముప్పై ఏళ్ళు ఎత్తారు తలుపులు. ఒక్కటైనా మీ ఇంటిదాండీ?
సత్యం: కాదండి. అందుకే ఎవరి తలుపు ముందైనా నించోడం అలవాటే. పిల్ల ఉందాండి, లోపల?
కొండలరావు (లోపలికి తిరిగి): కాఫీలు మూడు పంపించు.

మొదటి లైను ఎత్తిపొడుపు, సంచి కళ్ళెదుటే ఉంది. అయిదోది దెప్పిపొడుపు, సత్యం ఉద్యోగాన్ని తవ్వి తెచ్చాడు. నాలుగు మాటలు నడిచాక వచ్చింది కాబట్టి తగులుతుంది. అదే మొదట పెడితే సత్యం సంచి తీసుకుని వెనక్కి వెళ్ళిపోవాలి, సీను అక్కడే చచ్చిపోతుంది. ఒక్కో జవాబు అవతలి లైనులోని ఒక మాటని పట్టుకుని లేస్తోంది చూడండి: ఒక్కటి, లెక్క, ఊపడం, తలుపు. ఆ పట్టు వదిలేస్తే అది పోటీ కాదు, ఇద్దరు మనుషులు విడివిడిగా తిట్టుకోవడం.

రమణ:
మా కాలేజీ నాటికలో అత్తా కోడళ్ళ గొడవ రాశాను మాస్టారూ. గోదావరి యాస రావాలని ప్రతి లైను చివరా ‘ఆయ్’ పెట్టాను. హాల్లో మొదట నవ్వారు, తర్వాత నవ్వలేదు. యాస సరిపోలేదంటారా?

మూర్తి:
యాస ఎక్కువైంది రమణా. ‘ఆయ్’ ఒప్పుకోలు మాట. అడిగినదానికి ‘ఆయ్’ అంటే అవతలివాడి మాట మన్నించినట్టు. గొడవ మధ్యలో ప్రతిసారీ మన్నిస్తుంటే ఇంక దెబ్బెక్కడిది? ఒకరికే ఇవ్వు, అదీ ఒకటి రెండు చోట్ల, అసలు ఒప్పుకోకూడని చోట.

‘అండి’కి కూడా ఇలాంటి సంగతే ఉంది. వాక్యం చివర పడితే దెబ్బని మెత్తబరుస్తుంది. పైగా తెలుగు వాక్యం మామూలుగా క్రియతో ముగుస్తుంది కాబట్టి పొడిచే మాట మధ్యలో నలిగిపోతుంది. ‘లోపల పిల్ల ఉందాండి?’ అని రాస్తే అది ఊరికే అడగడం. ‘పిల్ల ఉందాండి, లోపల?’ అంటే ‘అండి’ ముందే అయిపోయింది, చివర ‘లోపల’ ఒక్కటే మిగిలింది. తను బయట ఉన్నాడని ఆ మాటే చెబుతుంది. నటుడికి ఊపిరి తీసుకునే చోటు కూడా దొరుకుతుంది.

వీర్రాజు:
సీను బాగుంది గాని ఒక తప్పు. లాకు తలుపులు ఎత్తరండి. పడవలు దాటడానికి అవి రెండు రెక్కలుగా పక్కలకి తెరుచుకుంటాయి. ఎత్తి దించేది రెగ్యులేటరు తలుపులు. మరతిప్పి ఎత్తుతారు. లస్కరుగా చేసిన మనిషి నోట ఇది తప్పొస్తే కాలువ గట్టు మీద ఉండేవాళ్ళు అక్కడే పట్టేస్తారు.

మూర్తి:
నా పొరపాటే, దిద్దినందుకు సంతోషం. ‘లాకు’ తీసేసి ‘మాకు తలుపెత్తి నీళ్ళొదిలితేగాని’ అని ఉంచితే సరి. అంతకంటే వివరం ఇస్తే సత్యం పాఠం చెబుతున్నట్టు అవుతుంది.

శ్రీలక్ష్మి:
ఇప్పుడు ఇద్దరూ కనబడుతున్నారు. ఒక్క అనుమానం. చివరికి గెలిచిందెవరు? కొండలరావుకి ఇంకొక గట్టి జవాబు ఉండొద్దా?

మూర్తి:
మాటల్లో అయిదో లైనుకే కొండలరావు గెలిచాడు. సత్యం ‘కాదండి’ అని ఒప్పేసుకున్నాడు కూడా. ఒప్పుకున్నాక ఇంక కొట్టడానికి చోటు లేదు. అందుకే కొండలరావు మళ్ళీ లెక్కలోకే పోయాడు. కాఫీలు రెండు కాదు, మూడు. మూడోది కోడలికి. ఇది నటుడు నొక్కి పలకకూడదు. ‘అమ్మాయిని రమ్మను’ అని కలిపితే లెక్క చూసుకునే పని ప్రేక్షకుడికి ఉండదు.

ప్రసాద్:
నాకింకా ఒప్పుదల కాలేదు. మా ఇంట్లో దెప్పడం, ఎత్తిపొడవడం ఒకదాని బదులు ఒకటి వాడతారు. ఇంకోటి, పిల్లనిచ్చినవాడు మగపెళ్ళివారి వాకిట్లో ‘మీకు లెక్క తేలిగ్గా ఉంటుందని’ అనగలడా? మా వైపైతే నోరెత్తడు.

వీర్రాజు:
మా వైపు అంటాడండి. బావగారూ అని పిలిచాక అనొచ్చు.

శ్రీలక్ష్మి:
అయితే మొదటి జవాబులో కూడా సత్యం చేత ‘బావగారూ’ అనిపించి చూస్తాను. ‘ఒక్కటేనండి బావగారూ’ అంటే లెక్క మాటకి ముందు వరసొచ్చి కూర్చుంటుంది. పదును తగ్గుతుందేమో, ఇద్దరు నటుల చేత రెండు రకాలుగానూ చదివించి చెబుతాను.