గైడెన్స్ పెంచాలా, సీడ్ మార్చాలా, మాటలు మార్చాలా?

నీలిగన్నేరు: స్టేబుల్ డిఫ్యూజన్ 1.5తో బొమ్మ తీస్తున్నా, సైజు 512×512, సీడ్ 4210, గైడెన్స్ 7. ప్రాంప్ట్ ఇది:

```
old woman in red saree and young girl in green skirt, village well, no people in background
```

చీర సగం ఆకుపచ్చగా వస్తోంది, బావి వెనక జనం కనబడుతున్నారు. గైడెన్స్ 15 చేస్తే మాట వింటుందనుకున్నా. జనం పోలేదు, పైగా రంగులు మాడిపోయాయి. ఏది మార్చాలి?

రాత్రిబండి: సీడ్ మార్చండి, అంతే. నా దగ్గర మంచి సీడ్ల లిస్టే ఉంది. బాగా వచ్చిన సీడ్ పట్టుకుని మాటలు కొంచెం మార్చినా కూర్పు అలాగే నిలుస్తుంది.

కుంచెడు: రాత్రిబండి గారు చెప్పింది సగం నిజం. ముందు గైడెన్స్ సంగతి చూద్దాం. ప్రతి స్టెప్‌లోనూ మోడల్ రెండు అంచనాలు వేస్తుంది: మీ ప్రాంప్ట్ చూసి వేసేది cond, అది లేకుండా వేసేది uncond.

```
uncond + cfg * (cond - uncond)
```

ఈ రెండింటి తేడాని ఎన్ని రెట్లు చేయాలో చెప్పేదే cfg, అంటే మీరు పెట్టే గైడెన్స్ అంకె. అంటే గైడెన్స్ మోడల్‌ని లాగేది ప్రాంప్ట్ తనకు అర్థమైన వైపుకే, మీ మనసులో ఉన్న వైపుకి కాదు. `no people` రాస్తే టెక్స్ట్ ఎన్‌కోడర్‌కి `people` గట్టిగా వినబడుతుంది, `no` దాదాపు వినబడదు. 15 చేస్తే ఆ `people` ఇంకా బలపడుతుంది. రంగులు మాడడం కూడా తేడా మరీ ఎక్కువగా పెరగడం వల్లే.

ఆ మాట తీసేసి నెగటివ్ పెట్టెలో `people, crowd` రాయండి. నెగటివ్ పెట్టె uncond స్థానంలో కూర్చుంటుంది కాబట్టి మోడల్ దాని నుంచి దూరం జరుగుతుంది. గైడెన్స్ 1 పెడితే మాత్రం పై లెక్కలో uncond కొట్టుకుపోతుంది, నెగటివ్ పెట్టె ఉన్నా లేనట్టే.

మెరుపుతీగ: అదంతా పాతకాలం మాట. నేను ఫ్లక్స్ డెవ్ వాడతా, గైడెన్స్ 3.5. నెగటివ్‌లో ఏం రాసినా పట్టించుకోదు. మీ సూత్రం తప్పు.

కుంచెడు: ఆవిడ అడిగింది 1.5 గురించి అన్నా. ఫ్లక్స్ డెవ్‌లో గైడెన్స్‌ని శిక్షణలోనే మోడల్‌లోకి దించేశారు. మీ 3.5 మోడల్‌కి అందించే ఒక అంకె, దాంతో గుణించడం జరగదు. మామూలుగా అది ఒక్క అంచనాతోనే నడుస్తుంది, కాబట్టి నెగటివ్‌కి చోటే లేదు. ఆ 3.5ని తెచ్చి ఇక్కడి 7తో పోల్చకండి.

రాత్రిబండి: సరే, మరి నా లిస్ట్ ఎలా పనిచేస్తోంది?

కుంచెడు: మోడల్, సైజు, శాంప్లర్ మారనంతవరకు పనిచేస్తుంది. సీడ్ అంటే మొదటి నాయిస్, మొదటి కొన్ని స్టెప్పుల్లోనే కూర్పు దాన్నిబట్టి చాలావరకు కుదిరిపోతుంది. 512×768 చేయండి, నాయిస్ వేరే అయిపోతుంది. కొన్ని ప్రోగ్రాములు నాయిస్‌ని సీపీయూ మీద, కొన్ని జీపీయూ మీద తయారుచేస్తాయి, అందుకే అదే సీడ్‌కి పక్కవాడి కంప్యూటర్లో ఇంకో బొమ్మ రావచ్చు.

తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలంటే నాలుగు సీడ్లు తీసుకుని, గైడెన్స్ 7 దగ్గరే ఉంచి, పాత ప్రాంప్ట్‌తో నాలుగు, కొత్త ప్రాంప్ట్‌తో నాలుగు తీయండి. లోపం నాలుగు సీడ్లలోనూ ఉంటే అది మాటల తప్పు. ఒక్కదాంట్లోనే ఉంటే ఆ నాయిస్ తెచ్చిన తంటా, సీడ్ మార్చుకోవచ్చు. ఒక్క సీడ్ మీద చూసి ప్రాంప్ట్ బాగుందనో బాలేదనో అనడం నాకు అసలు నచ్చదు.

గోదారిగట్టు: నేను ప్రాంప్ట్ తెలుగులోనే రాస్తా. ఏం రాసినా సీడ్‌ని బట్టే బొమ్మ మారుతోంది, మాటలని బట్టి కాదు. నాకూ గైడెన్సే సమస్యా?

కుంచెడు: కాదండీ. 1.5 టెక్స్ట్ ఎన్‌కోడర్ ప్రధానంగా ఇంగ్లిష్ మీద నేర్చుకుంది. తెలుగు అక్షరాలు దానికి చిన్న ముక్కలుగా చీలి, 75 టోకెన్ల జాగా తొందరగా నిండిపోతుంది, అర్థమూ అందదు. మాటల నుంచి పట్టు దొరకకపోతే మిగిలేది సీడే కదా. గైడెన్స్ పెంచినా పెరిగేది అర్థంలేని తేడాయే.

నీలిగన్నేరు: చేసి చూశా. నెగటివ్‌లోకి మార్చాక మూడు సీడ్లలో జనం పోయారు. రంగులు మాత్రం నాలుగింటిలోనూ కలిసిపోతున్నాయి. `(red saree:1.3)` అని బరువు పెంచితే పరికిణీ అంచు కూడా ఎర్రబడింది!

కుంచెడు: నాలుగింటిలోనూ ఉందంటే అది సీడ్ తంటా కాదు. ఏ రంగు ఎవరిదో కలిపి గుర్తుంచుకోవడంలో ఈ మోడల్ బలహీనం. ప్రాంప్ట్‌లో ఎర్ర చీర ఒక్కటే ఉంచి, అమ్మాయి పరికిణీ ఆకుపచ్చని తర్వాత, ఆ భాగం వరకే మళ్ళీ గీయించే ఇన్‌పెయింట్‌లో వేయండి.

రాత్రిబండి: అక్కర్లేదు. నా దగ్గర ఇద్దరూ దూరం దూరంగా నిలబడే సీడ్లున్నాయి, వాటిలో రంగు తక్కువ కలుస్తుంది. ఇన్‌పెయింట్ చేస్తే పరికిణీ మీద వెలుతురు అతుకు వేసినట్టుంటుంది.

కుంచెడు: ఆ భాగాన్ని ఎంత మార్చాలో చెప్పే డీనాయిజ్ తగ్గిస్తే అతుకు కనబడదు.

రాత్రిబండి: తగ్గిస్తే ఎరుపు పోదు. పెంచితే మడతలు మారిపోతాయి. ఎన్ని పెడతారో అంకె చెప్పండి, నేనే తీసి ఇక్కడ పెడతా.