శివారు రైతులు "తోక చివరి రైతులు" ఎలా అయ్యారు?

ముమ్మిడివరం నుంచి

మా మామయ్య లస్కరుగా చేరి, కాలువల మీదే ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. మాట్లాడితే చుట్టూ పదిమంది చేరి వింటారు. ఇంగ్లీషు మాత్రం నిదానంగా చదువుకుంటేనే అర్థమవుతుంది. మా నీటి సంఘం సంచిక కోసం గోదావరి కాలువల మీద ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేసి, "కాస్త చూసి పెట్టరా" అని నాకిచ్చారు. ఒక ముక్క ఇది:

"ధవళేశ్వరం వద్ద నుండి బయలుదేరే కాలువలు ఏవైతే ఉన్నాయో అవి తల నియంత్రకాల చేత నియంత్రించబడతాయి. రెండవ పంటకు నీరు భ్రమణ పద్ధతిలో సరఫరా చేయబడింది మరియు తోక చివరి రైతులకు అది కష్టం మీద చేరింది. వారి పొలాలు సాగు లేకుండా వదలబడ్డాయి."

ఈయన నోట ఏనాడూ ఇలాంటి తెలుగు వినలేదు. ఎక్కడ మొదలుపెట్టి దిద్దాలి?

పాలకొల్లు నుంచి

ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది? "బడు" కనిపించిన చోటల్లా కొట్టేయండి, "మరియు" తీసేయండి, ఊరి మాటలు పెట్టండి. రెండు నిమిషాల పని:

"దాళ్వాకు నీళ్లు వంతులవారీగా ఇచ్చారు. శివారు రైతులకు కష్టం మీద చేరాయి. వాళ్ల పొలాలు సాగు లేకుండా మిగిలిపోయాయి."

తణుకు నుంచి

మా అమ్మాయికీ ఇదే ఇబ్బందండి. తెలుగులో చక్కగా రాస్తుంది, దాన్ని ఇంగ్లీషు చేస్తే కాలేజీలో నవ్వారట. ఇంగ్లీషు వ్యాకరణానికి మంచి పుస్తకం ఏదైనా చెప్పగలరా?

ముమ్మిడివరం నుంచి

మాది ఇంగ్లీషు నుంచి తెలుగులోకండి. మీ అమ్మాయిది వేరే సంగతి.

రాజమండ్రి నుంచి

పత్రిక డెస్కు మీద చాలాకాలం అనువాదాలు దిద్దినవాణ్ని. పాలకొల్లు వారు దిద్దింది చదవడానికి హాయిగా ఉంది. నా భయం కూడా అదే. కష్టం మీదనైనా నీళ్లు చేరితే పొలాలు సాగు లేకుండా ఎందుకు మిగిలాయి? మామయ్యగారి గతుకుల తెలుగులో ఈ ప్రశ్న కాలికి తగిలేది. నున్నగా చేశాక ఎవరికీ తగలదు. బాబూ, "కష్టం మీద" అన్నచోట ఇంగ్లీషులో ఏ మాట ఉందో చూసి చెప్పు.

ముమ్మిడివరం నుంచి

"హార్డ్‌లీ" అని ఉందండి.

రాజమండ్రి నుంచి

అనుకున్నాను. "హార్డ్" అంటే కష్టం కాబట్టి "హార్డ్‌లీ" అంటే కష్టంగా అని మనవాళ్లు చాలామంది పొరబడతారు. ఆ మాటకు అర్థం దాదాపు లేదనే. నీళ్లు రానే లేదన్నంత తక్కువగా వచ్చాయన్నమాట. "ఫ్యూ" కూడా అలాగే మోసం చేస్తుంది. ముందు "ఎ" ఉంటే కొందరు అని, లేకపోతే దాదాపు ఎవరూ లేరని. తెలుగు బలంగా ఉండి ఇంగ్లీషు పలచగా ఉన్నవారి అనువాదంలో తప్పులు ఎక్కువగా ఇలాంటి చిన్న మాటల దగ్గరే జరుగుతాయి. పెద్ద మాటలకు నిఘంటువు చూస్తారు. వీటికి చూడరు, తెలుసనుకుంటారు. కాబట్టి అందం సంగతి తర్వాత. ముందు ప్రతి వాక్యానికీ దాని తర్వాతి వాక్యంతో పొత్తు కుదిరిందా అని చూడు. కుదరని చోట మూలం తెరువు.

ఇక "బడు" సంగతి. ఆ ఇంగ్లీషు వాక్యంలో నీళ్లు ఎవరిచ్చారో లేదు. తెలుగులో "ఇచ్చారు" అంటే చాలు, ఎవరని ఎవరూ అడగరు. కర్త చెప్పని బహువచనంతో మనం వెయ్యి పనులు నడుపుకుంటాం: కరెంటు తీశారు, బడి వదిలారు, కాలువలు కట్టేశారు. అయితే ఇది అన్నిచోట్లా చెల్లదు. గట్టు తెగిన సంగతి రాస్తూ "గట్టు తెంచారు" అంటే ఎవరో గునపం పట్టుకున్నట్టే. అక్కడ "తెగింది" అనాలి. వరదకు తెగిందా, మనిషి తెంచాడా అన్నది మూలం చెప్పకపోతే మనమూ చెప్పకూడదు.

పాలకొల్లు నుంచి

హార్డ్‌లీ సంగతి ఒప్పుకుంటున్నాను. మూలం అడగకుండా దిద్దాను. అయినా "బడు" మన భాషది కాదనే అంటాను.

రాజమండ్రి నుంచి

కనబడటం, వినబడటం, భయపడటం ఎవరివి మరి?

రాజోలు నుంచి

నేను ఇంటర్ పిల్లలకు తెలుగు చెబుతాను. మామయ్యగారు ముప్పై ఏళ్లు "శివారు" అన్న మనిషి కదా, కాగితం మీద "తోక" ఎందుకు రాశారు? కళ్లముందు "టెయిల్" ఉంది కాబట్టి. ఇంగ్లీషు మీద ధైర్యం చాలనప్పుడు మాటకు మాట పెట్టి, తప్పు తనది కాకుండా చూసుకుంటాం. అందుకని ఒక పని చేయండి. ఆయనను ఒక పేరా చదవమనండి. కాగితం మూసేయించి, పొరుగు రైతుకు చెప్పినట్టు చెప్పమనండి. ఫోనులో రికార్డు చేసి, విన్నది విన్నట్టు రాసుకోండి.

ముమ్మిడివరం నుంచి

సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి చేశాను. హార్డ్‌లీ అర్థం ముందే చెప్పాను. ఆయన చెప్పింది ఇది:

"దాళ్వాకు వంతు పెట్టారు. పై ఊళ్లవాళ్లు వంతు దాటినా తూములు దించలేదు. శివారుకు చుక్క దిగలేదు. చేలు బీడు పెట్టేశారు."

ఒక్క "బడు" లేదు. నాకు చాలా నచ్చింది. ఇలాగే అచ్చుకు ఇచ్చేయవచ్చా?

రాజమండ్రి నుంచి

తెలుగు బ్రహ్మాండం. కానీ పై ఊళ్లవాళ్లు తూములు దించలేదన్న మాట ఇంగ్లీషులో ఉందా?

ముమ్మిడివరం నుంచి

లేదండి. అడిగితే, "ఇంకెందుకు రావురా నీళ్లు, నేను చూడలేదా?" అన్నారు.

రాజమండ్రి నుంచి

ఆయన చూసే ఉంటారు. కానీ ఆ వ్యాసం రాసినాయన ఆ నింద వేయలేదు. సంచిక పై ఊళ్లవాళ్ల చేతికీ వెళుతుంది కదా! నోటితో చెప్పిస్తే ఈ చిక్కు ఒకటి వస్తుంది: తెలిసిన మనిషి తనకు తెలిసింది కలిపేస్తాడు, అంకెలు, "బహుశా"లు జారవిడుస్తాడు. కాబట్టి చెప్పిన తెలుగును మళ్లీ ఇంగ్లీషు పక్కన పెట్టి, వాక్యానికి వాక్యం సరిచూసుకో. "చుక్క దిగలేదు" కూడా ఒక పిసరు ఎక్కువే. కొంచెమైనా వచ్చిందని మూలం అంటోంది. నేనైతే ఇలా ఉంచుతాను:

"ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలకు నీళ్లు వదిలేదీ ఆపేదీ హెడ్ రెగ్యులేటర్ల దగ్గర. దాళ్వాకు నీళ్లు వంతులవారీగా ఇచ్చారు. శివారు రైతులకు అవి దాదాపు అందనే లేదు. వాళ్ల చేలు బీడు పడ్డాయి."

"బీడు పెట్టేశారు" అంటే వాళ్లే వద్దనుకున్నట్టు వినిపిస్తుందని "పడ్డాయి" అన్నాను.

రాజోలు నుంచి

"హెడ్ రెగ్యులేటర్" అలాగే ఉంచడం నాకు ఇష్టమే. కాలువ మీద పనిచేసేవాళ్లు అనేది అదే. కానీ "దాళ్వా" అంటే డెల్టా దాటాక ఎంతమందికి తెలుస్తుంది? తెలంగాణలో యాసంగి అంటారు. మొదటిసారి వచ్చినచోట "రెండో పంట అయిన దాళ్వా" అనాలి.

పాలకొల్లు నుంచి

మన సంఘం సంచికను మన ఊళ్లలో చదువుతారు. దాళ్వా అంటే ఏమిటో దాళ్వా రైతుకు చెబుతామా? నవ్వుతారు.

రాజోలు నుంచి

ఆ రైతుల పిల్లలు హైదరాబాదులో ఉన్నారు. సంచిక వాళ్లకూ పంపుతారు.

ముమ్మిడివరం నుంచి

ఆ సంగతి సంఘం వాళ్లనే అడుగుతాను. మిగతాదంతా మామయ్యకు చదివి వినిపించాను. తూముల సంగతి తీసేసినందుకు కాస్త ముఖం ముడుచుకున్నారు. "శివారు" దగ్గర మాత్రం, "ఇది మనం మాట్లాడుకునే మాట కదరా, అచ్చులో బాగుంటుందా?" అని రెండుసార్లు అడిగారు. చివరికి ఒప్పుకున్నారు.

కాలువను గోదావరి పాయ మీదుగా దాటించే గన్నవరం అక్విడెక్టును మామయ్య "జలసేతువు" అని రాశారు. దాని మీదుగా వెయ్యిసార్లు వెళ్లిన మనిషి, ఇంట్లో ఎప్పుడూ అక్విడెక్టు అనే అంటారు. అది మాత్రం మార్చనివ్వడం లేదు. "ఆ ఒక్క మాటా నాది, వదిలేయ్" అన్నారు. వదిలేశాను.