రెజ్యూమె, లింక్డ్‌ఇన్‌లలో కాంట్రాక్టు కాలాన్ని ఏ సంస్థ పేరుతో చూపాలి?

నేను 2019 జూన్ నుంచి 2020 జనవరి వరకు ఒక స్టాఫింగ్ సంస్థ పేరోల్‌పై ఉంటూ క్లయింట్ కంపెనీలో పనిచేశాను. ఫిబ్రవరిలో అదే క్లయింట్ నన్ను శాశ్వత ఉద్యోగిగా తీసుకుంది. రెజ్యూమెలో ఈ కాలమంతా క్లయింట్ పేరుతో ‘2019–2022, డేటా అనలిస్ట్’ అని ఒకే వరుసలో రాశాను, లింక్డ్‌ఇన్‌లో మాత్రం రెండు సంస్థలూ విడివిడిగా ఉన్నాయి. క్లయింట్ ఇచ్చిన రిలీవింగ్ లెటర్‌లో చేరిన తేదీ 2020 ఫిబ్రవరి 3 అని, హోదా ‘అసోసియేట్’ అని ఉండటంతో, ఎనిమిది నెలల తేడాకు వివరణ ఇమ్మని గత వారం ఒక హెచ్‌ఆర్ అడిగారు.

రెండుచోట్లా తేదీలను లెటర్ల ప్రకారం దిద్ది, హోదాను ‘అసోసియేట్ (డేటా అనలిస్ట్)’గా మార్చాను, అంతవరకు సరిపోయింది. అయితే కాంట్రాక్టు కాలాన్ని వేరు చేయగానే, ఒకే బృందంలో ఒకే డ్యాష్‌బోర్డుపై ఆగకుండా సాగిన పని ఎనిమిది నెలలకే వదిలేసిన ఉద్యోగంలా కనిపిస్తోంది, అది నిజం కాదు.

స్టాఫింగ్ సంస్థనే యజమానిగా చూపుతూ, పని క్లయింట్ దగ్గరే కొనసాగిందని వెరిఫికేషన్‌లో ఇబ్బంది రాకుండా రెండుచోట్లా ఎలా రాయాలి?